రెండు బై నాలుగు టైల్స్: మాలు మీద వేయాలా, గమ్ము మీద వేయాలా?

ప్రశ్న: హన్మకొండల ఇల్లు కట్టుకుంటున్నం. కింది హాలు 22 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. రెండు బై నాలుగు విట్రిఫైడ్ టైల్స్ కొన్నం. మేస్త్రి మాలు మీద వేస్త అంటున్నడు, షాపాయన గమ్ము లేకుంటే నిలువయ్ అంటున్నడు. సందు లేకుండ పేపర్ జాయింట్ అయితేనే అందం అని ఇంట్లోళ్ల మాట. కిందటి ఎండాకాలం మా మరిది ఇంట్ల హాలు నడుమ టైల్స్ ఒక్కసారే పైకి లేసినయి. ఏది మంచిది, సందు ఎంత ఉంచాలె, గుల్ల ఉన్నదో లేదో ఎట్ల చూసుకోవాలె? (ఒక పాఠకురాలు, హన్మకొండ)

సమాధానం:

మీరు కొన్న టైల్‌కి గమ్మే సరైనది. అదీ ముందుగా వేసి, తడిపి, ఆరనిచ్చిన గచ్చు మీద. అయితే ఒక షరతు ఉంది. మీ మేస్త్రికి పళ్ల తాపీతో గమ్ము గీసి వేసే అలవాటు లేకపోతే, నాలుగు మూలలా ఓ ముద్ద, నడుమ ఓ ముద్ద పెట్టి టైల్ ఆనించేస్తాడు. అలాంటి గమ్ము పని కంటే పద్ధతిగా వేసిన మాలే నయం. కాబట్టి సంచులు కొనకముందే ఆయన దగ్గర పళ్ల తాపీ ఉందా, ఉంటే పళ్లు ఎంత లోతువి అని అడగండి.

తేడా ఎక్కడ వస్తుందంటే టైల్ వెనకవైపు. వెనకటి సిరామిక్ టైల్ నీళ్లు పీల్చేది. అందుకే వేసేముందు బకెట్‌లో నానబెట్టేవారు. దాని సన్నని రంధ్రాల్లోకి సిమెంటు పాలు దిగి, అక్కడే గట్టిపడి పట్టుకునేవి. విట్రిఫైడ్ టైల్ తన బరువులో అర శాతం నీళ్లు కూడా పీల్చదు. సిమెంటు పాలు దాని వెనక అంటుకున్నట్టు కనిపిస్తాయే గాని, లోపలికి దిగి పట్టుకోవడానికి దారి ఉండదు. ఏడాది తర్వాత అలాంటి టైల్ లేపి చూస్తే వెనక అద్దంలా శుభ్రంగా ఉంటుంది, మాలంతా నేల మీదే ఉండిపోతుంది. గమ్ము సంచిలో సిమెంటు, సన్న ఇసుకతో పాటు పాలిమర్ పొడి ఉంటుంది. రంధ్రాలు లేని వెనకభాగాన్ని పట్టుకునేది అదే. నీటిని పట్టి ఉంచే పదార్థం కూడా అందులో కలిసి ఉంటుంది కనుక, నాలుగైదు మిల్లీమీటర్ల పలుచని పొరలో కూడా సిమెంటు ఎండిపోకుండా గట్టిపడుతుంది.

రెండో కారణం టైల్ కొలత. రెండు బై నాలుగు టైల్ ఒక్కోటి దాదాపు 15 కిలోలుంటుంది. పచ్చి మాలు మీద దాన్ని ఏ ఇద్దరూ సమంగా దించలేరు. ఒక అంచు ముందు ఆనుతుంది, రెండో అంచు తర్వాత, నడుమ గాలి చిక్కుతుంది. రబ్బరు సుత్తితో కొట్టేది ఎక్కువగా అంచుల మీదే, ఎందుకంటే పక్క టైల్‌తో మట్టం కలవాల్సింది అక్కడ. అంచులు దిగి కూర్చుంటాయి, నడుమ మాత్రం గాలి అలాగే ఉంటుంది. మట్టం తక్కువైందని టైల్ లేపి, తగ్గిన చోట గుప్పెడు మాలు చల్లి మళ్లీ పెడితే ఆ గుప్పెడు వదులుగానే ఉండిపోతుంది. ఇక ఎండాకాలంలో అయితే చల్లిన సిమెంటు పాలలోని నీటిని పొడి మాలు నిమిషాల్లో లాగేసుకుంటుంది. టైల్ వచ్చి ఆనేసరికి పాలు కాస్తా పొడి పెచ్చు అయి ఉంటాయి.

మన దగ్గర ఇంకో అలవాటు ఉంది, ఇసుక ఖరీదని బెడ్డుకి క్రషర్ డస్టు వాడతారు. డస్టులో పిండిలాంటి భాగం ఎక్కువ. దానికి నీళ్లు ఎక్కువ కావాలి, ఆరాక కుంచించుకుపోవడమూ ఎక్కువే. గోదావరి ఇసుకగానీ, కడిగిన రోబో ఇసుకగానీ వాడమనండి. పిడికెడు తడి ఇసుక పిసికి వదిలితే అరచేతికి బూడిదలాంటి పొర అంటుకుందంటే అది బెడ్డుకి పనికిరాదు.

మాలుతో వేయడం తప్పని అనడం లేదు. రెండడుగుల లోపు సిరామిక్ టైల్స్‌కి, తాండూరు, షాబాద్ బండలకి, పార్కింగ్ రాళ్లకి మాలే సరిపోతుంది. కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్దేశాల్లో కూడా ఒక పాలు సిమెంటుకి నాలుగు పాళ్ల ఇసుకతో 20 మి.మీ. బెడ్డు మీద టైల్ వేసే పద్ధతి ఉంది. అయితే చాలా ఇళ్లలో బెడ్డు రెండంగుళాలకు పైనే ఉంటుంది, ఇసుక ఆరు పాళ్లు దాటుతుంది, ఆ పైన తడిపేవాళ్లు ఉండరు. మీరు చివరికి మాలు వైపే మొగ్గితే కనీసం ఈ రెండు చేయించండి. పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలిచి, చేతికి నీరు కారని తడి మీద మాలు కలపాలి. దాన్ని పరిచి చెక్కతో బాగా దట్టించాక, తేనెలా చిక్కటి సిమెంటు పాలు చదరపు మీటరుకి మూడు కిలోల పైచిలుకు సిమెంటు లెక్కన పోసి, వెంటనే టైల్ పెట్టాలి. సిమెంటు పాలలో అర డబ్బా గమ్ము పొడి కలిపి "కెమికల్ వేశాం" అనేవాళ్లుంటారు. ఆ పాళ్లలో పాలిమర్ పలచబడిపోయి పెద్దగా పనిచేయదు, కాబట్టి దానికి డబ్బు పెట్టకండి.

గమ్ము పద్ధతిలో మొదటి పని గచ్చు, దానికి ఓపిక కావాలి. టైల్ 9 మి.మీ., దాని కింద గమ్ము అయిదు మి.మీ. కాబట్టి పూర్తయిన నేల మట్టానికి 15 మి.మీ. కింద గచ్చు నిలవాలి. గడప, మెట్టు మట్టాలు చూసుకొని ఈ లెక్క ముందే గోడ మీద గీయించండి. గచ్చు 40 మి.మీ. మందమైతే మీ 308 చదరపు అడుగులకి, అంటే 28.6 చదరపు మీటర్లకి, ఒకటికి నాలుగు పాళ్లలో సిమెంటు తొమ్మిది సంచులు, ఇసుక సుమారు 42 ఘనపుటడుగులు పడుతుంది. కింద కాంక్రీటు బెడ్డును ఊడ్చి, కడిగి, తడిగా ఉండగానే సిమెంటు పాలు చీపురుతో రాసి, అవి ఆరకముందే మాలు పరచాలి. ఈ రాసే పని వదిలేస్తే గచ్చే కాంక్రీటును విడిచి గుల్లగా లేస్తుంది. అప్పుడు పైన ఎంత మంచి గమ్ము వాడినా చప్పుడు గుల్లే.

ఇంకా కిందికి వెళ్తే బేస్‌మెంటులో నింపిన మొరం ఉంది. కింది హాలు కాబట్టి మీకు ఇదీ ముఖ్యమే. మొరం అడుగడుగు పొరలుగా నీళ్లు పోసి దిమ్మిస కొట్టించకపోతే, లేదా నల్లరేగడి మట్టితోనే నింపేస్తే, బెడ్డు కుంగుతుంది. అది టైల్ తప్పు కాదు, గమ్ము దాన్ని ఆపలేదు కూడా.

గచ్చు వేశాక ఏడు రోజులు గోనె సంచులు పరిచి తడపండి. తర్వాత కనీసం రెండు మూడు వారాలు ఆరనివ్వండి. సిమెంటు మాలు ఆరుతూ కుంచించుకుపోయేది ఎక్కువగా ఈ తొలి రోజుల్లోనే. అది టైల్ వేయకముందే అయిపోవడం గచ్చు పద్ధతిలో పెద్ద లాభం. పచ్చి మాలు మీద వేసినప్పుడు అదంతా టైల్ కింద జరుగుతుంది. ఆరిన గచ్చు మీద ఆరడుగుల అల్యూమినియం పట్టీ పెట్టి చూడండి. కింద మూడు మి.మీ. కంటే ఎక్కువ సందు కనిపిస్తే అక్కడ సరిచేయించాలి. గమ్ము అతికించడానికేగాని పల్లాలు పూడ్చడానికి కాదు. పది మి.మీ. దాటి మందంగా వేస్తే ఆరుతూ కుంచించుకుపోయి మూలలు లాగుతుంది. అదే రోజు ఇనుప ముక్కతో గచ్చంతా తట్టి, గుల్ల ఉంటే అప్పుడే తీయించేయండి.

గమ్ము సంచి మీద ఐ.ఎస్. 15477 అని, కింద టైప్ అంకె ఉంటుంది. టైప్ 1 సిరామిక్‌కి. మీకు కావాల్సింది టైప్ 2. బయటి మెట్లు, గ్రానైట్ ఉంటే టైప్ 3. పాత టైల్ మీద టైల్ వేయాలంటే టైప్ 4. చదరపు మీటరుకి ఒక మి.మీ. మందానికి దాదాపు ఒకటిన్నర కిలో పొడి పడుతుంది. టైల్ వెనక రాసే పొరతో కలిపి మీ హాలుకి చదరపు మీటరుకి ఎనిమిది కిలోలనుకుంటే 229 కిలోలు, అంటే 20 కిలోల సంచులు 12. షాపులో ఒక్కోసారి "సంచికి 55 అడుగులు వస్తుంది" అంటారు. అది మూడు మి.మీ. కంటే తక్కువ పొర లెక్క, చిన్న టైల్‌కి సరిపోతుంది. ఆ లెక్కన ఆరు సంచులే తెప్పిస్తే, మేస్త్రి వాటితోనే హాలంతా నెట్టుకొస్తాడు. గుల్ల అక్కడే మొదలవుతుంది.

కలపడానికి సంచికి అయిదు లీటర్లకు కాస్త పైగా నీళ్లు. కచ్చితమైన కొలత సంచి మీదే ఉంటుంది, మగ్గుతో కాకుండా కొలత డబ్బాతో పోయండి. ముందు నీళ్లు, తర్వాత పొడి. డ్రిల్లుకి తగిలించే కడ్డీతో కలిపి, అయిదు నిమిషాలు వదిలేసి, మళ్లీ ఒకసారి కలపాలి. ఆ అయిదు నిమిషాల్లోనే పాలిమర్ కరిగేది. తాపీ మీద తీసి వంచితే జారిపోకుండా నిలవాలి. బకెట్‌లో గట్టిపడటం మొదలైన గమ్ముకి నీళ్లు పోసి మళ్లీ కలపనివ్వకండి. మెత్తబడుతుంది గాని పట్టు పోతుంది.

ఇక పరిచే విధానం. ముందు టైల్ వెనక తెల్లని పొడి ఉంటే గరుకు బ్రష్షుతో రుద్ది, తడిగుడ్డతో తుడవాలి. బట్టీలో రోలర్లకు అంటుకోకుండా పూసే పొడి అది. దాన్ని అలా వదిలేస్తే గమ్ము టైల్‌కి కాకుండా పొడికి అతుక్కుంటుంది. గచ్చును కూడా ఊడ్చి, తడి స్పాంజితో ఒకసారి అద్దాలి. మెరుపు ఉండాలిగాని నీళ్లు నిలవకూడదు. తర్వాత తాపీ నున్నని వైపుతో టైల్ వెనకంతా పలుచగా గమ్ము రాయాలి. నేల మీద గమ్ము పరిచి, 10 మి.మీ. పళ్ల తాపీని కాస్త వాల్చి పట్టి ఒకే దిశలో గీతలు లాగాలి. అర్ధచంద్రాకారంగా తిప్పుతూ గీస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ గాలికి దారి మూసుకుపోతుంది. గీతలు టైల్ పొట్టి వైపుకు సమాంతరంగా ఉండాలి, అప్పుడు గాలి రెండడుగులే ప్రయాణించి బయటపడుతుంది. నాలుగడుగుల వైపు గీస్తే నడుమనే చిక్కుకుంటుంది. టైల్‌ని పెట్టి, గీతలకు అడ్డంగా ఒక అంగుళం ముందుకీ వెనక్కీ జరుపుతూ నొక్కాలి. గీతలు పడిపోయి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కొట్టడం కంటే ఈ జరపడమే ఎక్కువ పనిచేస్తుంది.

ఒకసారికి ఒక టైల్, మహా అయితే రెండు టైల్స్‌కి సరిపడా మాత్రమే గమ్ము పరచాలి. సంచి మీద 20 నిమిషాలు అని ఉండే సమయం చల్లని గది లెక్క. వరంగల్‌లో ఏప్రిల్, మే నెలల్లో కిటికీలు తెరిచి ఫ్యాను వేసుకొని చేస్తే ఏడెనిమిది నిమిషాలకే పైన పొర కడుతుంది. వేలితో తాకండి. గమ్ము వేలికి అంటుకుంటే సరే. పొడిగా అనిపిస్తే గీకి తీసేసి కొత్తది పరచాలి. పైన నీళ్లు చిలకరించడం పరిష్కారం కాదు. ఆ నెలల్లో పని పొద్దున్నే మొదలుపెట్టి ఎండెక్కేలోపు ఆపమనండి. కిటికీలకు గుడ్డ కట్టించండి, వేడిగాలి ఎండ కంటే తొందరగా గమ్మును ఆరబెడుతుంది.

అంచులు ఎత్తుపల్లాలు రాకుండా పెట్టే క్లిప్పులు, వెడ్జుల గురించి ఒక్క మాట. అవి మట్టం కలుపుతాయిగాని గమ్ము పట్టించలేవు. దిగువగా ఉన్న టైల్ మూలను వెడ్జు బలవంతంగా పైకి లాగితే, ఆ మూల కింద గమ్ము నుంచి విడిపోయి ఖాళీ ఏర్పడుతుంది. పైకి మట్టం చక్కగా ఉంటుంది, తడితే గుల్ల. క్లిప్పుకి శ్రమ పడాల్సివస్తే టైల్ తీసి, కింద గమ్ము చేర్చి మళ్లీ పెట్టడమే దారి.

ఇప్పుడు సందు సంగతి. పేపర్ జాయింట్ వద్దు. రెక్టిఫైడ్ అని డబ్బా మీద రాసి, అంచులు సాఫుగా కోసిన టైల్‌కి కూడా కనీసం రెండు మి.మీ. స్పేసర్ పెట్టించండి, మూడు ఇంకా మంచిది. అంచు సాఫు చేయని టైల్ అయితే మూడు నుంచి అయిదు. టైల్ కొలతలు ఒక్కో డబ్బాకి అర మి.మీ. తేడా ఉండొచ్చు. సందు లేకుండా వేస్తే ఆ తేడా వరసకు వరసా పోగై, గది చివరికి వచ్చేసరికి గీత వంకరపోతుంది. స్పేసర్ ఉంటే ఆ తేడాను సందే మింగేస్తుంది.

అసలు సమస్య మీ మరిదిగారి హాలులో జరిగినదే. కాల్చిన టైల్ వేడికి కొద్దిగా పెరుగుతుంది. మీ హాలు పొడవు 22 అడుగులు, అంటే 6.7 మీటర్లు. వేడి 20 డిగ్రీలు పెరిగితే ఆ వరసంతా కలిపి ఒక మి.మీ. దాకా పొడవవుతుంది. ఇంకోవైపు కింది కాంక్రీటు, మాలు ఆరుతూ అదే పొడవులో రెండు మూడు మి.మీ. దాకా కుంచించుకుపోగలవు. పైన ఉన్నది పెరగాలని చూస్తుంది, కింద ఉన్నది కుంచించుకుపోతుంది, రెండు చివర్లా గోడ పట్టుకొని ఉంది. జరగడానికి ఎక్కడా చోటు లేదు. అప్పుడు వరసలో పట్టు ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ రెండు టైల్స్ ఒకదానికొకటి ఆనించుకొని గుడారంలా లేస్తాయి, పెద్ద చప్పుడుతో. సాధారణంగా అది హాలు నడుమే జరుగుతుంది. అంటే టైల్ వెనక గుల్ల, సందు లేకపోవడం, గోడ దగ్గర ఖాళీ లేకపోవడం మూడూ కలిసినప్పుడే ఇలా లేస్తుంది. మూడింటిలో ఏ ఒక్కటి సరిగ్గా ఉన్నా చాలా ఇళ్లలో గండం గట్టెక్కుతుంది.

అందుకే రెండు మి.మీ. సందు కంటే గోడ దగ్గర వదిలే ఖాళీ ఎక్కువ ముఖ్యం అంటాం. సందుల్లో నింపే గ్రౌటు రబ్బరు కాదు, అది కొంచెమే తట్టుకుంటుంది. నాలుగు గోడల చుట్టూ, స్తంభాల చుట్టూ ఆరు నుంచి ఎనిమిది మి.మీ. ఖాళీ వదిలించండి. అందులో మాలు, గమ్ము, గ్రౌటు ఏవీ పడకూడదు. పైన స్కర్టింగ్ వస్తుంది కాబట్టి కనిపించదు. మేస్త్రులు చివరి ముక్కను గోడకి ఆనించి పెట్టి, మిగిలిన సందులో సిమెంటు కుక్కేస్తారు. చూసి తీయించాల్సింది అదే. మీ హాలు పొడవుకి నడుమ వేరే జాయింటు అక్కర్లేదు. కానీ హాలు, భోజనాల గది, వంటిల్లు ఒకే నేలగా కలిసిపోయి ఎనిమిది పది మీటర్లు దాటితే, గుమ్మం దగ్గరో తోరణం కిందో ఒక సందును గ్రౌటుకు బదులు సాగే సీలెంటుతో నింపించండి. పగలంతా ఎండ పడే బాల్కనీ, డాబాలకు ఇలాంటి జాయింటు మూడు మీటర్లకు ఒకటి కావాలి.

నాలుగడుగుల టైల్ చాలావరకు నడుమ కొద్దిగా ఉబ్బి ఉంటుంది. రెండు టైల్స్ ముఖాలు ఎదురెదురుగా పెట్టి చూస్తే తెలుస్తుంది. ఇటుక వరసలా సగం సగం జరిపి వేస్తే ఒకదాని ఉబ్బు పక్కదాని అంచు దగ్గరకు వచ్చి కాలికి తగులుతుంది. ఆ డిజైన్ కావాలనుకుంటే మూడో వంతుకు మించి జరపనివ్వకండి.

గుల్ల చూడటం చాలామంది పని అయ్యాక మొదలుపెడతారు. సరైన సమయం వేసేటప్పుడే. మొదటి టైల్ పెట్టగానే, అంటే రెండు మూడు నిమిషాల్లో, గాజు మోసే వాక్యూమ్ కప్పుతో పైకి లేపించి వెనక చూడండి. ఇంటి లోపల కనీసం 80 శాతం, బాత్రూం, బాల్కనీలో 95 శాతం గమ్ము పట్టి ఉండాలి. మూలలు, అంచులు మాత్రం ఎక్కడైనా పూర్తిగా నిండాలి. తర్వాత పది పదిహేను టైల్స్‌కి ఒకటి, మనిషి మారినప్పుడు ఒకటి, మధ్యాహ్నం తిని వచ్చాక మొదటిది తప్పకుండా లేపి చూడాలి. మేస్త్రికి కోపం రాకుండా ఈ మాట పని మొదలుకాకముందే చెప్పుకోండి.

లేపిన టైల్ వెనకభాగమే తప్పు ఎక్కడుందో చెబుతుంది. గీతలు గీతలుగానే ఉండి, చదునుగా నలగలేదంటే సరిగా జరిపి నొక్కలేదు, లేదా గచ్చులో పల్లం ఉంది. గమ్మంతా నేల మీదే ఉండి టైల్ వెనక శుభ్రంగా ఉంటే పైన పొర కట్టింది, లేదా తెల్లపొడి తుడవలేదు. గమ్ము టైల్‌తో పాటు లేచివచ్చి, గచ్చు మీద పొడిబారిన మచ్చ మిగిలితే ఊడ్వని దుమ్ము మీద పరిచారు. ఏ కారణమైతే దాన్నే సరిదిద్దించాలి, ఊరికే ఎక్కువ గమ్ము వేయమంటే లాభం లేదు.

వేశాక తట్టి చూడటానికి అడుగు పొడవు ఇనుప కడ్డీ ముక్కో, స్క్రూడ్రైవర్ వెనక పిడో, పది రూపాయల బిళ్లో చాలు. గమ్ముతో వేసినదాన్ని మూడో రోజు, మాలుతో వేసినదాన్ని రెండు వారాలకు తట్టండి. పచ్చి మాలు ఎలా తట్టినా మొద్దుగానే పలుకుతుంది, ఏదీ తెలియదు. ఫ్యాన్లు ఆపి, ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే తట్టాలి. నాలుగు మూలలకు రెండంగుళాల లోపల, పొడుగు అంచుల వెంట అడుగుకొకటి, తర్వాత నడుమ. పట్టున్నచోట "ఠక్" అని గట్టిగా, పొట్టిగా పలుకుతుంది. విడిచినచోట పలుచగా, కాస్త మోగుతూ ఉంటుంది. ఒకే టైల్‌లో రెండు శబ్దాల మధ్య గీత దొరికేదాకా తట్టి, సుద్దముక్కతో గుల్ల అంచు గీయండి. గదంతా అయ్యాక ఫోనులో ఫొటో తీసిపెట్టుకోండి. ఒకవేళ లోతుగా "డబ్" అని, ఒక టైల్‌తో ఆగకుండా నాలుగైదు టైల్స్ మీదుగా సాగితే, విడిచింది టైల్ కాదు. కింద గచ్చు కాంక్రీటును వదిలింది, లేదా మొరం కుంగింది.

గుల్ల ఉన్న ప్రతి టైల్ తీయాల్సిన పని లేదు. నడుమ అరచేయంత చోట గుల్ల పలికి, అంచులన్నీ గట్టిగా ఉంటే మేము వదిలేయమనే చెబుతాం. మూల గుల్లగా ఉంటే తీయాలి. కుర్చీ కాలో, మంచం కోడో పడితే మూల విరుగుతుంది. పొడుగు అంచులో అడుగు కంటే ఎక్కువ గుల్ల ఉన్నా, టైల్‌లో నాలుగో వంతు దాటినా తీయాలి. నడిచినప్పుడు కదలిక తెలిసినా, సందులో గ్రౌటు పొడిగా రాలుతున్నా సుద్ద గీత చూడాల్సిన పనే లేదు, అది ఊడినట్టే. వరసగా మూడు నాలుగు టైల్స్ నడుమ గుల్ల పలికితే కూడా వదలకండి, మీ మరిదిగారి హాలులో లేచింది ఇలాంటి వరసే.

సందులో రంధ్రం పెట్టి సిమెంటు పాలు పోసి "నింపేశాం" అనేవాళ్లను నమ్మకండి. ఒకటి రెండు మి.మీ. ఖాళీలోకి సిమెంటు పాలు పారవు, రంధ్రం నోటి దగ్గరే ఆగిపోతాయి. పలుచని ఎపాక్సీని సిరంజీతో ఎక్కిస్తే కొంత పనిచేస్తుంది. ఖాళీ శుభ్రంగా, పొడిగా ఉన్నప్పుడు, గుల్ల చిన్నదై ఉన్నప్పుడు మాత్రమే. అందుకూ రెండు మి.మీ. సందు ఉండాలి. పేపర్ జాయింట్‌లో సూది కూడా దిగదు.

తీయాల్సివస్తే ముందు ఆ టైల్ చుట్టూ నాలుగు సందుల్లో గ్రౌటును సన్న బ్లేడుతో పూర్తిగా కోయించండి. తర్వాత టైల్‌ని నడుమ పగలగొట్టి, అంచుల వైపు ముక్కలు తీస్తూ రావాలి. అంచు నుంచి ఉలి పెట్టి లేపితే పక్క టైల్ పెచ్చు లేస్తుంది. సందు వదలకుండా వేసినచోట ఇది దాదాపు తప్పదు, ఒక టైల్ మార్చబోయి మూడు మార్చాల్సివస్తుంది. కింద పాత గమ్మును పూర్తిగా చెక్కి, దుమ్ము తుడిచి, తడి అద్ది, పైన చెప్పినట్టే రెండువైపులా గమ్ము రాసి కొత్తది పెట్టాలి. 24 గంటల తర్వాతే గ్రౌటు. బరువైన బీరువా ఏడు రోజుల తర్వాత.

మార్చడానికి అదే టైల్ ఉండాలి కదా. రెండు బై నాలుగు డబ్బాలో రెండు టైల్స్, 15.5 చదరపు అడుగులు వస్తాయి. మీ హాలుకి లెక్కన 40 టైల్స్, కోతలకు మూడు కలిపితే 43, అంటే 22 డబ్బాలు. ఆపైన రెండు డబ్బాలు అదే బ్యాచ్ నంబరు, అదే షేడ్ నంబరువి తీసుకొని మంచం కింద పెట్టుకోండి. ఆ రెండు నంబర్లూ డబ్బా పక్కన ముద్రించి ఉంటాయి. లారీ దిగేటప్పుడే అన్ని డబ్బాలమీదా అవి కలిశాయో లేదో చూడండి, కలవనివి అప్పుడే తిప్పి పంపండి. దించేసుకున్నాక షాపువాళ్లు తీసుకోరు.

మేస్త్రికి ఇచ్చే చివరి కిస్తీలో కొంత మొత్తం మూడో రోజు తట్టి చూసేదాకా ఆపుకోండి. ఏ గుల్ల తీయాలి, ఏది వదలాలి అన్నది కూడా ముందే మాట్లాడుకొని కాగితం మీద రాసుకుంటే, సుద్ద గీతల దగ్గర నిలబడి వాదించుకోవాల్సిన పని ఉండదు.